ఉగాది తంబోలా బోర్డు: లైట్లు 90, నానోకి పిన్నులు 20

ప్రవీణ్ (స్టేజీ, లైట్లు): హాలు తాళాలు శుక్రవారం సాయంత్రం 6కి ఇస్తారట. తంబోలా బోర్డు అప్పటికల్లా సిద్ధంగా ఉండాలి. పోయినేడాది చేసిన చెక్క బోర్డే వాడుతున్నాం. 90 ఎర్ర ఎల్ఈడీలు, ఒక్కోదానికి 220 ఓం రెసిస్టర్, అన్నిటి గ్రౌండూ ఒకటే. అప్పుడు స్విచ్చులు పెట్టి చేత్తో వేశాం, ఈసారి ఆర్డుయినో నానోతో వెలిగిద్దామనుకుంటున్నా. దాంట్లో లైట్లు వెలిగించగల పిన్నులన్నీ కలిపినా 20 దాటవు. అందుకే 595 షిఫ్ట్ రిజిస్టర్లు గొలుసుగా కడదామని ఆలోచన. చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

సుజాత వదిన (వాలంటీర్ల జాబితా): ప్రవీణ్, షిఫ్ట్ రిజిస్టర్ నా దగ్గరే ఉందయ్యా. భోజనాల దగ్గర 12 నుంచి 2 షిఫ్ట్ నిండిపోయింది. 2 నుంచి 4 ఖాళీ, నీ పేరు రాసేయనా?

ప్రవీణ్: వదినా, అది చిప్పు పేరు! సరే, 2 నుంచి 4 రాసేయండి.

కిరణ్: నానో ఎందుకన్నా? నా దగ్గర మెగా ఉంది, 54 డిజిటల్ పిన్నులు. అనలాగ్‌వి కూడా కలిపితే 70. మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టుకి ట్రాఫిక్ లైట్లు దాంతోనే చేశాం, బ్రహ్మాండంగా పనిచేసింది.

ప్రవీణ్: 70 దగ్గర ఆపేస్తే 71 వచ్చినవాళ్ళు స్టేజీ మీదకొస్తారు కిరణ్.

మూర్తి గారు: ప్రవీణ్, నీ దారి సరైనదే. 74HC595 ఒక్కోటి 8 అవుట్‌పుట్లు ఇస్తుంది కాబట్టి 12 చిప్పులు కావాలి. 96 వస్తాయి, ఆరు మిగులుతాయి. నానో నుంచి మూడే తీగలు: డేటా, క్లాకు, లాచ్. క్లాకు (11వ పిన్), లాచ్ (12వ పిన్) అన్ని చిప్పులకీ ఉమ్మడి. డేటా మాత్రం మొదటి చిప్పు 14వ పిన్‌కే వెళ్తుంది. దాని 9వ పిన్ పక్క చిప్పు 14కి, అక్కడి 9వ పిన్ ఆ తర్వాతి దాని 14కి. 10వ పిన్‌ని 5 వోల్టులకి కట్టేయి, మర్చిపోతే చిప్పు తనంతట తాను తుడుచుకుపోతుంటుంది.

ముందు తోసిన బైటు గొలుసు చివరికి పోతుంది, అందుకే లూపు వెనక నుంచి:

```
byte buf[12];

void lightOn(int n) {          // n: 1..90
  bitSet(buf[(n-1)/8], (n-1)%8);
}

void show() {
  digitalWrite(LATCH, LOW);
  for (int i = 11; i >= 0; i--)
    shiftOut(DATA, CLK, MSBFIRST, buf[i]);
  digitalWrite(LATCH, HIGH);
}
```

47 పిలిచారనుకో. 46ని 8తో భాగిస్తే 5, శేషం 6. సున్నా నుంచి లెక్క కాబట్టి ఆరో చిప్పు, ఏడో అవుట్‌పుట్, అంటే ఆ చిప్పు 6వ పిన్. తీగలు కట్టేటప్పుడు ఈ లెక్కంతా ఒక కాగితం మీద రాసి బోర్డు వెనకే అంటించు. లేకపోతే రాత్రి 11కి అక్కడ టార్చి పట్టుకుని ఏడుస్తావు.

ప్రవీణ్: 220 ఓం రెసిస్టర్లు ఉన్నవే ఉంచేయొచ్చు కదండీ?

కిరణ్: ఉంచేయన్నా. ఒక్కో పిన్ 20 మిల్లీయాంపులు ఇస్తుంది, ఎల్ఈడీ తాగేది 14. హాయిగా సరిపోతుంది.

మూర్తి గారు: పిన్ విడిగా చూస్తే కిరణ్ లెక్కకి దగ్గరగానే ఉంది. కానీ చిప్పు మొత్తానికి ఇంకో హద్దుంది: సప్లై పిన్ గుండా 70 మిల్లీయాంపులు మించకూడదు. 5 వోల్టుల్లో ఎర్ర ఎల్ఈడీ 2 తీసుకుంటే మిగిలిన 3ని 220తో భాగించు, 13.6 వస్తుంది. ఎనిమిదీ వెలిగితే 109. తంబోలాలో చిక్కేమిటంటే మొదట్లో అంతా బాగానే ఉంటుంది. ఎర్లీ ఫైవ్ అప్పటికి ఒక్కో చిప్పు మీద ఒకటో రెండో లైట్లే. ఫుల్ హౌస్ దగ్గరపడేసరికి ఎనిమిదీ వెలిగి చిప్పు వేడెక్కుతుంది. టెస్టులో పది నెంబర్లు నొక్కి చూసి వదిలేస్తే ఈ సంగతి బయటపడదు.

ప్రవీణ్: 90 రెసిస్టర్లు ఊడబెరకాలా! చిప్పు అవుట్‌పుట్లన్నిటినీ ఆపే 13వ పిన్‌కి పీడబ్ల్యూఎం ఇచ్చి సగం వెలుగులో ఉంచితే?

మూర్తి గారు: సగటు తగ్గుతుంది, వెలిగిన క్షణంలో మాత్రం 109 అలాగే పోతుంది. నాకు నచ్చదు. ఊడబెరకనక్కర్లేదు కూడా. చిప్పు నుంచి బోర్డుకి 90 తీగలు ఎలాగూ కొత్తగా అతుకుతున్నావు కదా, ఒక్కో తీగలో 270 ఓం వరసగా వేసేయి. రెండూ కలిసి 490, ఎల్ఈడీకి 6 మిల్లీయాంపులు, చిప్పుకి 49. హాల్లో ఆ వెలుగు చాలు. మొత్తం 90 వెలిగితే అర యాంపు దాటుతుంది కాబట్టి ల్యాప్‌టాప్ యూఎస్‌బీ వద్దు. 2 యాంపుల 5 వోల్టుల ఛార్జరు తెచ్చి, చిప్పులకి దాని నుంచి నేరుగా ఇవ్వు.

ప్రవీణ్ (ఆదివారం రాత్రి): 12 చిప్పులూ పెట్టేశాను. రెండు గొడవలు. ఒకటి, ఆన్ చెయ్యగానే ఇష్టమొచ్చిన నెంబర్లు వెలిగి ఓ క్షణం తర్వాత ఆరుతున్నాయి. రెండోది, 1 నుంచి 48 దాకా సరిగ్గా ఉంది. 49 నొక్కితే ఒక్కోసారి 50 వెలుగుతోంది, 60 నొక్కితే 61. మళ్ళీ నొక్కితే బాగుంటోంది.

కిరణ్: తప్పుగా అతికుంటావన్నా. 49 తీగ 50కి పోయుంటుంది.

మూర్తి గారు: తీగ తప్పయితే ప్రతిసారీ తప్పే చూపించాలి. వచ్చిపోతోందంటే క్లాకు తీగలో నాయిస్. 49 అంటే ఏడో చిప్పు మొదటి అవుట్‌పుట్. అక్కడ క్లాకు ఒక్క దెబ్బ కొడితే చిప్పుకి రెండు దెబ్బలుగా వినపడి, అక్కణ్ణుంచి అన్నీ ఒక అడుగు ముందుకు జరుగుతున్నాయి. కెపాసిటర్లు వేశావా?

ప్రవీణ్: ఒకటి వేశానండీ. మిణుకు పోవడానికి లాచ్ తీగకి గ్రౌండుకి మధ్య పెట్టమని ఎక్కడో పాత పాఠంలో చూశాను.

మూర్తి గారు: అది తీసెయ్. సిగ్నల్ తీగ మీద కెపాసిటర్ పెడితే అంచు నెమ్మదై గొడవ పెరుగుతుంది. అది ఉండాల్సింది ప్రతి చిప్పు 16కి, 8కి మధ్య, చిప్పుని ఆనుకుని, 0.1 మైక్రోఫారడ్. 12 చిప్పులకి 12. క్లాకు తీగ పక్కనే గ్రౌండ్ తీగ నడిపించు, నానో దగ్గర క్లాకులో 100 ఓం వరసగా వెయ్యి. మొదటి గొడవకి: పవర్ రాగానే చిప్పుల్లో ఏముంటుందో ఎవరికీ తెలియదు. 13వ పిన్నులన్నీ కలిపి 10 కిలో ఓంతో 5 వోల్టులకి లాగు, నానో పిన్ ఒకటి దానికివ్వు. అన్నీ సున్నాలు తోసి లాచ్ చేశాకే ఆ పిన్‌ని కిందికి దించు.

అనిత: ఇంత కష్టం ఎందుకు, ఒక్కో ఎల్ఈడీలోనే చిప్పుండే స్ట్రిప్పు కొంటే ఒక్క డేటా తీగతో 90 వెలుగుతాయి కదా. రంగులూ వస్తాయి.

మూర్తి గారు: కొత్త బోర్డయితే నేనూ అదే అంటానమ్మా. ఉన్న బోర్డు పారేయడానికి మనసొప్పలేదు, అంతే. మధ్యలో ఒకటి చస్తే దాని తర్వాతివన్నీ ఆరే ప్రమాదం కూడా ఉందనుకో.

ప్రవీణ్ (మంగళవారం): కెపాసిటర్లు వేశాక 1 నుంచి 90 దాకా మూడుసార్లు నడిపాను, ఒక్క తప్పూ రాలేదు. 90 వెలిగించి అరగంట ఉంచాను, చిప్పులు గోరువెచ్చగా కూడా లేవు. ఇక మిగిలింది ఒకటే: నెంబరు నొక్కే మనిషి బల్ల బోర్డుకి 7 మీటర్ల దూరం. నానోని బల్ల మీద పెట్టి మూడు తీగలూ సాగదీయనా?

మూర్తి గారు: వద్దు. అర మీటరుకే అంత రభస చేసిన క్లాకు ఏడు మీటర్లకి ఊరుకుంటుందా? నానోని బోర్డు వెనకే ఉంచి, బల్ల దగ్గర ఇంకో నానో పెట్టి సీరియల్‌లో నెంబరు పంపించు. 9600 వేగానికి ఆ దూరం ఇబ్బంది కాదు.

అనిత: ఫోన్ నుంచి బ్లూటూత్‌తో పంపితే తీగే ఉండదు కదా.

మూర్తి గారు: హాలు నిండా ఫోన్లుంటాయి, నాకు ధైర్యం లేదు. పనిచేయదని మాత్రం అనను.

ప్రవీణ్: శుక్రవారం రెండూ తెస్తాను. తీగ కాళ్ళకి తగలకుండా అంటించడానికి గాఫర్ టేపు ఎవరి దగ్గరుంది?