జెర్సీ మీద 7ని 12 చేశాను, పాత 7 ఇంకా వదలడం లేదు

మాది ఒడిశాలో పర్లాకిమిడి. మా కబడ్డీ జట్టు ఫోటో ఫ్లెక్సీకి వెళ్లాలి. ఒక కుర్రాడు ఆ రోజు వాళ్ల అన్నయ్య జెర్సీ వేసుకొచ్చాడు: ముదురు నీలం మీద తెల్ల 7. అది 12 కావాలి.

ఫోటోషాప్‌లో ఫోటో కాపీని బ్లాక్ అండ్ వైట్ చేసి, 3 పిక్సెళ్ల బ్లర్ ఇచ్చి, PSDగా సేవ్ చేశాను. దాన్నే మ్యాప్‌గా పెట్టి Displaceలో అడ్డం, నిలువు రెండూ 8 ఇచ్చాను. నడుం దగ్గర మడతలకు 12 చక్కగా వంగింది. కానీ పాత 7 అంచు ఉన్న చోటల్లా అంకె మెట్టులా విరిగింది. మ్యాప్‌లో తెలుపు ఒకవైపు, నలుపు ఇంకోవైపు నెడతాయి కదా, తెల్ల 7ని కూడా మడతే అనుకుంది. తప్పు నాదే, ముందు 7 తుడవాల్సింది.

Clone Stampతో తుడిస్తే దాని కింద ఏటవాలుగా పోయే పెద్ద మడత కూడా పోయి, ఛాతీ పలకలా తయారైంది. Multiply పెడితే తెల్ల అంకె నీలంలో కలిసిపోతోంది.

అసలు ఫోటోలో ఆ మడత నీడ తెల్ల 7 మీద బూడిద రంగులో స్పష్టంగా ఉంది. ఆ నీడ ఒక్కటే విడిగా తీసి, తుడిచిన బట్టకూ కొత్త 12కూ వాడే దారి ఉందా? చేసినవాళ్లు ఏ లేయర్ మీద ఏది పెట్టాలో చెప్పండి.