పెట్రాలో మట్టి గొట్టాలు పూడిపోతే ఏం చేసేవారు?

జోర్డాన్‌లోని ప్రాచీన నగరం పెట్రా గురించి తెలిసినవాళ్లు ఈ సందేహం తీర్చగలరా? సిక్ అనే ఇరుకు లోయ మొదట్లో ఆ నగరాన్ని కట్టిన నబాతియన్లు ఆనకట్ట కట్టి, వరదను కొండలో తొలిచిన సొరంగంలోకి మళ్లించారు. ఆ ఆనకట్ట శిథిలమయ్యాక, 1963లో వరద లోయలోకి దూసుకొచ్చి ఇరవైమందికి పైగా పర్యాటకులు చనిపోయారు. ఎంత బాధాకరం!

వరద సంగతి అర్థమైంది, తాగునీటి దగ్గరే ఆగిపోయాను. లోయ గోడకు ఒకవైపు రాతిలో చెక్కిన కాలువ, రెండోవైపు ఒకదాంట్లో ఒకటి దూర్చి గచ్చుతో అతికిన మట్టి గొట్టాలు. ఐన్ మూసా ఊట నీళ్లు వీటిగుండానే ఊళ్లోకి వచ్చేవి. దారిలో ఒండ్రు దిగడానికి తొట్లు ఉన్నాయి సరే, అయినా సన్నటి మట్టి, సున్నపు పొర గొట్టాల్లో పేరుకుంటాయి కదా? అప్పుడు అతుకులు పగలగొట్టి కొత్త గొట్టాలు వేసేవారా? తవ్వకాల్లో అలాంటి మరమ్మతు ఆనవాళ్లేమైనా దొరికాయా? పక్క వాగుల మీది చిన్న అడ్డుకట్టల్లో పూడిక ఎలా తీసేవారో కూడా తెలిస్తే చెప్పండి.