"ఎక్కువ పడుతుంది" అంటే పిండా, టైమా?

చీపురుపల్లి నుంచి, కథ రాసినామె:

అందరికీ నమస్కారం. మా వీధి పిల్లలకి ఆదివారం చదివి వినిపిద్దామని చిన్న కథ ఒకటి రాసుకున్నాను. రాసింది నా స్నేహితురాలికి చూపిస్తే ఆవిడ "పడుతుంది" అన్న మాట ఎక్కడుంటే అక్కడ ఎర్ర గీత పెట్టి "పట్టుతుంది" అని దిద్దేసింది. పడుతుంది అంటే కింద పడటం అట. నాకేమో ఆవిడ దిద్దింది నోటికి అసలు ఎక్కడం లేదు, కానీ ఎందుకు తప్పో ఎందుకు ఒప్పో చెప్పడం చేతకాలేదు. కథ కింద పెడుతున్నాను, చదివి చెప్పండి.

తమ్ముడి పుట్టినరోజు. అమ్మ కేకు పిండి కలుపుతూ, అటక మీంచి దింపిన రెండు గుండ్రటి గిన్నెలు బుజ్జి ముందు పెట్టింది. ఒకటి పళ్లెంలా పరుచుకుని ఉంది, ఇంకొకటి సన్నగా, ఎత్తుగా ఉంది. "ఏ గిన్నెలో పిండి ఎక్కువ పడుతుందో చూడమ్మా, అందులో వేద్దాం" అంది అమ్మ. బుజ్జి రెండూ పక్కపక్కన పెట్టి, కిందకి వంగి చూసి, "ఎత్తుదాంట్లోనే" అనేసింది. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న నానమ్మ తల తిప్పి, "ఏటే, ఎత్తుగుంటే ఎక్కువ పట్టీసినట్టేనా? నీళ్లు పోసి సూడు" అంది.

బుజ్జి స్టీలు గ్లాసు తెచ్చుకుంది. ఎత్తు గిన్నెలో ఏడు గ్లాసులు పోసేసరికి నీళ్లు అంచు దాకా వచ్చి, ఇంకో రెండు మూడు చెంచాలకి మాత్రం చోటు మిగిలింది. వెడల్పు గిన్నెలో ఏడు పోసినా ఇంకా ఖాళీ ఉంది, ఎనిమిదోది దాదాపు అంతా తాగేసింది. బుజ్జికి నమ్మకం కుదరలేదు, ఎక్కడో గ్లాసు లెక్క తప్పానేమో అనుకుంది. ఈసారి గ్లాసు పక్కన పెట్టేసి, ఎత్తు గిన్నెని అంచు దాకా నింపి, ఆ నీళ్లన్నీ ఒలకకుండా వెడల్పు గిన్నెలోకి వంచింది. నీళ్లు పరుచుకున్నాయి, పైకి వచ్చాయి, అంచుకి తన చిటికెన వేలి గోరంత కిందే ఆగిపోయాయి.

స్కేలు తెచ్చి కొలిచింది. వెడల్పుది అడ్డంగా 20 సెంటీమీటర్లు, ఎత్తు 5. రెండోది అడ్డంగా 15, ఎత్తు 8. "అమ్మా, వెడల్పుదాంట్లోనే ఎక్కువ పడుతుంది!" అని అరిచింది. అప్పటికే ఓవెన్ వైపు తిరిగిన అమ్మకి మొదటి ముక్క వినబడలేదు. "కాదే, ఎత్తుదాంట్లోనే ఎక్కువ పడుతుంది, మధ్యలో ఉడకొద్దూ!" అంది. బుజ్జి గిన్నె వంక చూసింది, నీళ్ల వంక చూసింది, "నువ్వు అడిగింది పిండి గురించా, టైము గురించా?" అంది.

అంతే కథ. "పట్టుతుంది" అని దిద్దితే చివరి మాట పోతుందేమోనని నా టెన్షన్.

ఒకరి వ్యాఖ్య:

మీ స్నేహితురాలు చెప్పిందే కరెక్ట్ అండి. పడుతుంది అనేది పడు నుంచి వచ్చింది. చెంచాతో వేస్తే పిండి గిన్నెలో పడుతుంది, అంటే జారి పడుతుంది. ఎంత ఇముడుతుంది అనే అర్థం రావాలంటే పట్టు ఉండాలి, కాబట్టి "పట్టుతుంది". పిల్లలకి చదివేది కాబట్టి ఇంకా జాగ్రత్తగా రాయాలి. మిగతా కథ బాగుంది, లెక్క కూడా సరిపోయింది, కూడి చూశాను: 20, 5 కలిపితే 25, 15, 8 కలిపితే 23.

నరసన్నపేట నుంచి, తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు:

ధాతువు పట్టు అన్నారు, అది నిజం. కానీ పట్టు ఎప్పుడూ పట్టుగానే ఉండిపోదమ్మా. మీరు రోజూ మాట్లాడేదే ఒకసారి వినండి. కట్టు అన్నది "ఇల్లు కడతాడు" అవుతోంది, ఎవరూ కట్టుతాడు అనరు. పెట్టు అన్నది "అన్నం పెడుతుంది", కొట్టు అన్నది "గంట కొడతాడు". వెనక "తు" వచ్చి చేరేసరికి ఆ ట్ట కాస్తా డ అయిపోతోంది. పట్టు కూడా అదే దారిలో "పడుతుంది" అయింది. అక్కడికి వచ్చేసరికి కింద పడే పడుతో రూపం కలిసిపోయింది, అందుకే అందరికీ ఈ తికమక.

ఏది ఏ పడుతుందో తేల్చుకోవాలంటే దాన్ని నిన్నటికి మార్చి చూడండి. "గిన్నెలో ఎనిమిది గ్లాసులు పట్టాయి" అంటాం, "గ్లాసు చెయ్యి జారి పడింది" అంటాం. లేదంటే కాదని చెప్పి చూడండి: "ఇందులో ఇంక పట్టదు", "ఇక్కడ వాన పడదు". నిన్నటి మాటలోనూ, లేదన్న మాటలోనూ ట్ట బయటికి వచ్చేస్తుంది. మీ కథలో నానమ్మ "పట్టీసినట్టేనా" అంది చూశారూ, మన వైపు మాట, అందులో ధాతువు అచ్చంగా కనబడుతూనే ఉంది. అమ్మ "పడుతుంది", నానమ్మ "పట్టీసి", రెండూ ఒకటే క్రియ. దిద్దాల్సింది ఏమీ లేదు.

టైము సంగతి కూడా అంతే. "నిన్న కేకు ఉడకడానికి గంట పట్టింది" అంటాం కదా. చోటుకీ కాలానికీ మనకి ఒకే మాట.

అన్నట్టు పైన కూడిక చేసినవారికి: జవాబు కలిసింది గానీ దారి తప్పు. అడ్డం 10, ఎత్తు 16 ఉన్న గిన్నె ఒకటి అనుకోండి. కూడితే 26, అన్నిటికన్నా పెద్దది అని వస్తుంది. నీళ్లు పోస్తే మూడింటిలోకీ తక్కువ పట్టేది అదే. వెడల్పు రెండు దిక్కులా పెరుగుతుంది కాబట్టి దాన్ని దానితోనే ఒకసారి గుణించి, తర్వాత ఎత్తుతో గుణించాలి. 20 ఇంటూ 20 ఇంటూ 5 అంటే 2000. 15 ఇంటూ 15 ఇంటూ 8 అంటే 1800. నేను చెప్పినదానికి 10 ఇంటూ 10 ఇంటూ 16, 1600 మాత్రమే. ఇవి లీటర్ల లెక్క కాదు, ఏది ఎక్కువో చెప్పడానికి మాత్రమే. రెండూ గుండ్రటివే కాబట్టి వృత్తం లెక్కలో వచ్చే పై అనే అంకె రెండు వైపులా ఒకేలా ఉంటుంది, దాన్ని వదిలేయొచ్చు.

పలాస నుంచి, ఇంట్లోనే కేకులు చేసి అమ్మే ఆవిడ:

అక్కా, గుడ్డు వెయ్యని కేకైతే పిండి కొంచెం జారుగా కలుపుకో, పైన మా ఊరి జీడిపప్పు వెయ్యి, అదిరిపోద్ది. ఓవెన్ లేకపోతే కుక్కర్లో ఇసక పోసి, విజిల్ తీసేసి చేసుకోవచ్చు.

కథ రాసినామె:

వంట కాదమ్మా, నేను మాట గురించి అడిగాను. అయినా అడుగుతున్నాను, అమ్మ చెప్పింది నిజమేనా, ఎత్తు గిన్నెలో టైము ఎక్కువ పడుతుందా?

పలాస ఆవిడ:

అయ్యో, సరిగ్గా చదవలేదక్కా. నిజమే, తక్కువ పిండి పట్టినా టైము దానికే ఎక్కువ. వేడి పక్కల్నుంచీ, పైనుంచీ, కిందనుంచీ మధ్యకి వెళ్లాలి కదా, ఎత్తు గిన్నెలో ఆ మధ్య దూరం. మొదట్లో నేను వెడల్పు గిన్నె టైమే ఎత్తుదానికీ పెట్టి పాడుచేసుకున్నాను. పైన ఎర్రగా ఎంత ముద్దుగా ఉందో, పుల్ల గుచ్చితే నడుమ పిండి తడిగా అంటుకుని వచ్చింది, దించాక నడుమ గుంట పడిపోయింది. ఇప్పుడు ఎత్తుదానికి మంట కొంచెం తగ్గించి ఎక్కువసేపు ఉంచుతాను. ఇంకో మాట, నీ బుజ్జి అంచు దాకా నీళ్లు పోసింది గానీ పిండి అలా పోయకూడదు, పొంగి ఒలికిపోద్ది. మూడొంతుల్లో రెండొంతులే వెయ్యాలి. వెడల్పుదాంట్లో ఐదు గ్లాసులు దాటి కొంచెం, ఎత్తుదాంట్లో ఐదుకి లోపే.

విజయనగరం నుంచి ఇంకొకరు:

నా అనుభవం వేరేలా ఉంది. మా అమ్మమ్మ దగ్గర రెండు సోలలు ఉండేవి, ఒకటి మూతి వెడల్పుది, ఒకటి సన్నది. నీళ్లు పోస్తే రెండింటికీ సమానం. బియ్యం మాత్రం వెడల్పుదాంతో కొలిస్తే ఎక్కువ వచ్చేవి. రెండు సోలలు ఒక తవ్వ అంటారు గానీ ఏ సోలతో అన్నది ఎవరూ చెప్పరు. బుజ్జి నీళ్లకి బదులు బియ్యం పోసి ఉంటే ఏమయ్యేది?

మాస్టారు:

మంచి మాట. బియ్యం మీద రాశి నిలబడుతుంది, మూతి వెడల్పైతే రాశీ పెద్దదవుతుంది. కర్రతో తలకొట్టి కొలిస్తే ఆ తేడా పోతుంది. పిండికీ నీళ్లకీ రాశి నిలవదు కాబట్టి బుజ్జికి నీళ్లే సరి. బియ్యంతో కొలిచి ఉంటే వెడల్పు గిన్నె గెలుపు ఉన్నదానికన్నా పెద్దగా కనబడేది.

మొదట వ్యాఖ్య రాసినవారు:

కట్టు, కడతాడు దగ్గర ఒప్పుకుంటున్నాను మాస్టారూ, నేను అలా ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ ఒకటి. పలకడంలో ఒకటే, రాయడంలో ఒకటే అయినప్పుడు, "గిన్నెలో పిండి ఎక్కువ పడుతుంది" అని చదివిన పిల్లాడు అమ్మ చెంచా జారుతోందేమో అనుకోడా? ఆ ఒక్క చోటైనా మార్చకూడదా?

మాస్టారు:

అనుకోవచ్చు, కాదనను. పట్టుతుంది అనేవాళ్లూ ఉన్నారు, వాళ్లది తప్పనీ అనను, పాతవాళ్లు "పట్టును" అని రాసేవారు. నాకు మాత్రం అమ్మ నోట ఆ రూపం పెడితే అమ్మ పాఠం చెబుతున్నట్టుంటుంది.

కథ రాసినామె:

పడుతుంది అలాగే ఉంచేస్తున్నాను. నీళ్లు పోసే చోట మాత్రం నానమ్మ చేత "ఎన్ని పట్టాయే?" అని ఒక ప్రశ్న అడిగిస్తాను. బుజ్జి "ఏడు పట్టాయి" అంటుంది, చదివే పిల్లకి ఆ ట్ట ముందే చెవిన పడుతుంది.

విజయనగరం వారు:

ఇంకొక్కటి, స్కేలు గిన్నె లోపల పెట్టిందా, అంచు మీద పెట్టిందా? మా ఇంట్లో వెడల్పు గిన్నె అంచు బయటికి మడిచి ఉంది, మీద పెడితే 21 వస్తుంది, లోపల 20 కూడా లేదు. ఎత్తుది అడుగున కొంచెం ఇరుకు కూడా.

కథ రాసినామె:

లోపలే పెట్టింది, కానీ కథలో ఆ మాట రాయలేదు. చేరుస్తున్నాను.