పౌనఃపున్యం పెరిగితే సంతృప్త విద్యుత్ ప్రవాహం మారదా?

నేను కడపలో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. కాంతి విద్యుత్ ఫలితం పాఠంలో ఒక రేఖాపటం గురించి అనుభవజ్ఞుల సహాయం కోరుతున్నాను.

సీజియం పని ప్రమేయం 2.14 ఎలక్ట్రాన్ వోల్టులు. 500 నానోమీటర్ల కాంతిలో ఒక్కో ఫోటాన్ శక్తి 2.48 కాబట్టి నిరోధక పొటెన్షియల్ 0.34 వోల్టులు, 400 నానోమీటర్లకు ఫోటాన్ శక్తి 3.10, నిరోధక పొటెన్షియల్ 0.96 వోల్టులు. ఇంతవరకు విద్యార్థులకు చక్కగా అర్థమవుతోంది.

అయితే తీవ్రతను స్థిరంగా ఉంచి పౌనఃపున్యం పెంచితే, వక్రాలన్నీ ఒకే సంతృప్త ప్రవాహం వద్ద కలుస్తాయని రేఖాపటం చూపుతుంది. తీవ్రత అంటే ప్రమాణ వైశాల్యంపై సెకనుకు పడే శక్తి అయినప్పుడు, 400 నానోమీటర్ల ఫోటాన్ ఎక్కువ శక్తిని మోస్తుంది గనుక, అదే తీవ్రతకు వచ్చే ఫోటాన్ల సంఖ్య ఐదింట నాలుగు వంతులకు తగ్గాలి కదా అని ఒక విద్యార్థిని అడిగింది. ఆమె తర్కం నాకు సరైనదిగానే తోస్తోంది.

అక్కడ తీవ్రత అనే మాటను సెకనుకు పడే ఫోటాన్ల సంఖ్యగా గ్రహించాలని చెప్పవచ్చా? పైగా, పడిన ప్రతి ఫోటాన్ ఎలక్ట్రాన్‌ను వెలువరించదు. ఆ నిష్పత్తి కూడా తరంగదైర్ఘ్యంతో మారుతుంది. ఈ రెండు విషయాలనూ పరీక్షలో మార్కులు పోకుండా, తరగతిలో ఏ క్రమంలో వివరించాలో దయచేసి తెలుపగలరు.