పసుపెక్కిన ఆకు ఫోటో, "ఏమైంది?" అని ఒక్క మాట: మందు పేరు చెప్పాలా, ఆగాలా?

ఉప్పల్ వాసి: (ఫోటో) ఆకు ఇలా అయింది. ఏమైంది? ఏం కొట్టాలి?

మిద్దెతోట అమ్మ: మా కరివేపాకు కుండీలో అచ్చం ఇలాగే వచ్చింది బాబూ. ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపు. మాది కూకట్‌పల్లి, బోరు నీళ్లు. బకెట్ ఆరితే తెల్లగా చార మిగులుతుంది. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి చల్లాను. రెండు వారాలకు కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి. మీరూ అదే చల్లండి.

మాజీ ఏఈఓ, వనస్థలిపురం: అమ్మా, మీ కుండీకి మీరు చేసింది సరైన పనే. కానీ మీ కరివేపాకులో పసుపు చిగురులో మొదలై ఉంటుంది. అన్నభేది ఇచ్చేది ఇనుము. అది ముదురాకు నుంచి లేతాకుకు కదలదు, అందుకే దాని లోపం లేతాకులోనే కనబడుతుంది. మెగ్నీషియం అలా కాదు. మొక్క దాన్ని కింది ఆకుల నుంచి లాగి పైకి పంపుతుంది, కాబట్టి కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. రెండింటిలోనూ ఈనెలు పచ్చగానే ఉంటాయి. ఫోటోలో ఒక్క ఆకు, అదీ సగం. అది మొక్కకు పైనుందో కిందుందో తెలియకుండా రెండింటిలో ఏదని చెప్పేది? అన్నభేది కొట్టాక లోపం మెగ్నీషియందని తేలితే, రెండు వారాలు పోయినట్టే.

మందుల షాపు తమ్ముడు: సార్, మీరు చెప్పేది వినడానికి బాగుంది. మా కౌంటర్ దగ్గరికి సాయంత్రం 6 గంటలకు రైతు ఫోన్ పట్టుకుని వస్తాడు. ఊరికి ఆఖరి బస్సు 7కి. "మళ్లీ వెళ్లి కింది ఆకు ఫోటో తీసుకురా" అంటే పక్క షాపుకు పోతాడు, అక్కడ నాలుగు డబ్బాలు అంటగడతారు. దానికంటే నేనే ఎక్కువగా వచ్చేది ఏదో చూసి ఇస్తే నష్టం తక్కువ. ఈ ఫోటో నాకైతే పచ్చదోమలాగే ఉంది. కుడి పక్క అంచు ఎర్రబారి, కిందికి ముడుచుకుంది.

మాజీ ఏఈఓ, వనస్థలిపురం: అంచు నువ్వు బాగా చూశావు తమ్ముడూ, నేను మొదట గమనించలేదు. పచ్చదోమ అయ్యే అవకాశం ఉంది. ఇక ఏ పంటకు అంటావు? ఆకు ఈనెలు కాడ దగ్గర్నుంచి వేళ్లలా విడిపోయాయి. పత్తి కావచ్చు, బెండ కావచ్చు, గోంగూర కూడా కావచ్చు. మూడూ ఒకే కుటుంబం. పచ్చదోమ పత్తికీ వస్తుంది, బెండకూ వస్తుంది. పత్తి అనుకుని నువ్విచ్చిన మందు బెండ మీద పడితే? బెండకాయ రెండ్రోజులకోసారి కోస్తారు. ఆ కాయ ఎల్లుండి రైతుబజారులో ఉంటుంది, ఆ మర్నాడు ఎవరి కంచంలోనో ఉంటుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ఉత్తర్వులిచ్చారు. పురుగు ఏదో తెలిసినా పంట పేరు లేకుండా మందు చెప్పకూడదని నేననేది అందుకే. తెగులు గుర్తించడం సగం పనే.

మందుల షాపు తమ్ముడు: ఆ మాట ఒప్పుకుంటాను సార్. పంట పేరు ఒక్కటీ అడిగి తీరాలి. మిగతావి మాత్రం అడుగుతూ కూర్చోలేం.

మేడ్చల్ మిరప రైతు: మిరపలోనూ ఇదే గొడవ అన్నా. ఆకు పైకి ముడిస్తే తామరపురుగు, కిందికి ముడిస్తే నల్లి. రెండేళ్ల కింద నేను షాపులో "ముడత వచ్చింది" అని మాత్రమే చెప్పాను. తామరపురుగు మందు ఇచ్చారు. మాది కింది ముడత. ఆకు తిప్పి చూడమని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. పది రోజుల్లో చిగుళ్లన్నీ తోకల్లా సన్నగా సాగాయి. నల్లి మీద ఆ మందు పనిచేయదని తర్వాత తెలిసింది. నాకు ఇప్పటికీ బాధే. ముడత పైకా కిందికా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఉప్పల్ వాసి: సారీ, ఆఫీసులో ఉన్నాను. ఫోటో మా బావ వాట్సాప్‌లో పంపాడు, ఊరు ఆదిలాబాద్ వైపు. ఇప్పుడే ఫోన్ చేశాను. పంట పత్తి, 90 రోజులు దాటింది, కాయ పడుతోంది. నల్లరేగడి. వారం నుంచి వానలు, నిన్ననే తెరిపిచ్చింది. పసుపు కింది ఆకుల్లో ఉంది. టెన్షన్‌గా ఉన్నాడు, రేపు పొద్దున్నే కొట్టేయాలంటున్నాడు.

మాజీ ఏఈఓ, వనస్థలిపురం: బాబూ, ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. మీ బావను రేపు పొద్దున ఎండెక్కకముందే చేనులోకి వెళ్లమనండి, డబ్బాతో కాదు, ఖాళీ చేతులతో. చేను నాలుగు మూలలా, మధ్యలో కొన్ని మొక్కలు పట్టి, ఒక్కో మొక్కకు పైన, నడుమ, కింద ఒక్కో ఆకు మెల్లగా తిప్పి అడుగు భాగం చూడాలి. లేత ఆకుపచ్చ పురుగులు అడ్డంగా, ఎండ్రకాయలా పక్కకు నడిస్తే అవి పచ్చదోమ పిల్లలు. లెక్కపెట్టాలి. సగటున ఆకుకు రెండు దాటితేనే మందు. అప్పుడు ఆకు అంచు పసుపెక్కి, ఎర్రబారి, కిందికి ముడుచుకుంటుంది.

పురుగే లేకుండా, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగమే పసుపెక్కి తర్వాత ఎర్రబడితే, అది చేనంతా కింది ఆకుల్లో ఒకేలా ఉంటే మెగ్నీషియం లోపం. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, పది పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు కొడితే చాలు. ఎర్రబడ్డ ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్తగా ఎర్రబడేది ఆగుతుంది. ఇది చెప్పకపోతే మందు పనిచేయలేదని ఇంకోటి కొడతారు.

మూడోది, వారం వాన అన్నారు కాబట్టి. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి ఆడదు. నేలలో పోషకం ఉన్నా మొక్క తీసుకోలేదు. పసుపు చేను పల్లపు భాగంలోనే ఉందా, మెరకలోనూ ఉందా చూడాలి. పల్లంలోనే అయితే ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపాలి. నీళ్లుండగా ఏం కొట్టినా డబ్బు దండగ.

మిద్దెతోట అమ్మ: మా కుండీలో పసుపు చిగురులోనే మొదలైంది సార్, ఇప్పుడు గుర్తొచ్చింది.

మేడ్చల్ మిరప రైతు: ఫోటో కూడా సరిగ్గా తీయమను అన్నా. ట్యూబ్‌లైటు కింద తీస్తే పచ్చాకు కూడా పసుపుగా వస్తుంది. పొద్దున నీడలో మొక్క మొత్తం ఒకటి, ఆకు పైభాగం ఒకటి, అడుగు ఒకటి, చేను దూరం నుంచి ఒకటి.

మందుల షాపు తమ్ముడు: సార్ చెప్పిన మూడూ ఒకే చేనులో ఉండొచ్చు కదా? నేను అలాంటివి చూశాను. పల్లంలో నీళ్లు, మెరకలో పచ్చదోమ, అంతటా మెగ్నీషియం తక్కువ. అప్పుడు ఏది ముందు అని రైతు అడుగుతాడు.

మాజీ ఏఈఓ, వనస్థలిపురం: నీళ్లు ముందు. మిగతా రెండింటిలో ఏది ముందో నేను ఇక్కడ కూర్చుని చెప్పను, లెక్క వచ్చాకే చెబుతాను.

మందుల షాపు తమ్ముడు: నేనైతే రెండూ ఒకేసారి కొట్టమంటాను సార్. కూలీ ఖర్చు ఒక్కసారే పడుతుంది.

మాజీ ఏఈఓ, వనస్థలిపురం: అక్కడే నీకూ నాకూ కుదరదు. పురుగు లేని చేనులో పురుగుమందు కొడితే పచ్చదోమను తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు చస్తాయి. ఇవాళ మిగిలిన కూలీ వచ్చే నెల ఇంకో రెండు డబ్బాలకు పోతుంది.

ఉప్పల్ వాసి: బావ పొద్దున్నే వెళ్లాడు. పల్లంలో మోకాలి దాకా బురద, అక్కడ ఆకులు పూర్తిగా పసుపు. మెరకలో పది మొక్కలు చూశాడు, ముప్పై ఆకులకు 41 పచ్చదోమలు. అంటే రెండు దాటలేదు. ప్రస్తుతం కాలువ తీస్తున్నాడు. మెరకలో ఈనెల మధ్య ఎరుపు ఉందో లేదో ఫోటోలో నాకు తేలడం లేదు, పెడుతున్నాను, చూడండి.