స్టేజ్ పేరుతో అగ్రిమెంటు, అసలు పేరుతో బ్యాంకు ఖాతా: చెక్కు జమ కావడం లేదు

కొత్త_గొంతు:
ఆరేళ్లుగా స్టేజ్ పేరుతోనే పాడుతున్నాను. నా అసలు పేరు ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక సంస్థకు మూడు పాటలు పాడాను. అగ్రిమెంటులో స్టేజ్ పేరే ఉంది, సంతకమూ దాంతోనే పెట్టాను. ఇప్పుడు చెక్కు కూడా ఆ పేరుతోనే వచ్చింది. ఖాతా ఈ పేరు మీద లేదంటూ బ్యాంకు తీసుకోలేదు. అగ్రిమెంటులో ఉన్న పేరుకే చెక్కు ఇస్తామని సంస్థ లెక్కల విభాగం అంటోంది. ఇక పేరు మార్చుకోవడమే దారా?

రంగస్థలం_రాజు:
చెల్లెమ్మా, రికార్డుల్లో లేని పేరుతో సంతకం పెడితే ఆ అగ్రిమెంటే చెల్లదు. ముందు అది చూసుకో.

పాత_గుమాస్తా:
రాజు గారూ, అంత తేలిగ్గా కొట్టేయకండి. మోసం చేసే ఉద్దేశం లేనప్పుడు, వేరే పేరుతో సంతకం పెట్టినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు. చాలా దేశాల్లో పద్ధతి ఇదే. సంతకం పెట్టిన మనిషి దానికి కట్టుబడాలి, డబ్బు అడిగే హక్కూ ఆ మనిషిదే. చిక్కంతా రుజువు దగ్గర వస్తుంది. రేపు గొడవైతే ఈ పేరూ ఆ పేరూ ఒకరివేనని మీరే చూపించాలి.

అమ్మా, పేరు మార్చుకోనక్కర్లేదు. ఒక పేజీ సవరణ పత్రం రాయించండి. పాత అగ్రిమెంటు తేదీ వేసి, అందులో ఫలానా స్టేజ్ పేరుతో ఉన్న వ్యక్తి అసలు పేరు ఇదీ అని రాయాలి. చెల్లింపులన్నీ అసలు పేరుతో ఉన్న ఖాతాకే జరగాలని ఇంకో వాక్యం. పాట మీద వేసే పేరు మాత్రం స్టేజ్ పేరే అని మూడో వాక్యం. ఇది మర్చిపోతే రేపు ఆల్బమ్ మీద అసలు పేరు వేసేస్తారు, చూశాను నేను! రెండు పక్షాలూ సంతకం పెట్టాలి, మీరు రెండు పేర్లూ రాసి పెట్టండి. ఆ కాగితం ఉంటే లెక్కల విభాగానికి పాత చెక్కు రద్దు చేసి కొత్తది ఇవ్వడానికి ఆధారం దొరుకుతుంది.

బ్యాంకును తిట్టుకోకండి. వాళ్లు గుర్తింపు కాగితాలు చూసి ఖాతా తెరిచింది ఒక పేరుకు. వేరే పేరున్న చెక్కు జమ చేస్తే, అసలు హక్కుదారు ఇంకొకరని తేలిన రోజున మీద పడేది వాళ్ల మీదే.

మువ్వల_సవ్వడి:
నాకూ ఇదే అయిందండీ. పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది, పెళ్లి పత్రం చూపిస్తే బ్యాంకులో వెంటనే సరిచేశారు. మీరూ అలా చేయండి.

కొత్త_గొంతు:
మీది రికార్డుల్లోనే మారిన పేరు కదండీ. నా స్టేజ్ పేరుకు అలాంటి కాగితం ఏదీ లేదు.

పల్లవి_చరణం:
పాటలు రాసేవాళ్లకు ఇంకో మూల కూడా ఉంది. రచయితల రాయల్టీ సంఘాలు వాడే ఐపీఐ నంబరింగ్‌లో ఒక మనిషికి మూల నంబరు ఒకటే. దాని కింద అసలు పేరుకో నంబరు, కలం పేరుకో నంబరు ఇస్తారు. నేను రెండో కలం పేరు సంఘానికి చెప్పకుండా రెండు పాటలకు వాడేశాను. వాటి డబ్బు ఎవరిదో తెలియదని పక్కన పెట్టేశారు. పేరు కలిపించాకే వచ్చింది.

కొత్త_గొంతు:
గుమాస్తా గారూ, స్టేజ్ పేరు మీదే ఖాతా తెరవలేమా? అసలు పేరు సంస్థకు చెప్పడం ఇష్టం లేదు. ఒకరికి తెలిస్తే ఊరంతా తెలిసినట్టే.

పాత_గుమాస్తా:
కొన్నిచోట్ల ఆ పేరును వ్యాపార నామంగా నమోదు చేయించుకుంటే దాని మీద ఖాతా ఇస్తారు. అయినా వెనక అసలు పేరు ఉండాల్సిందే. పన్ను కోసి కట్టే చోట సంస్థకు మీ పన్ను నంబరు కావాలి, ఆ నంబరు అసలు పేరుదే. స్టేజ్ పేరుతో కట్టేస్తే ఆ పన్ను మీ లెక్కలో కనబడదు. అసలు పేరు బయటకు చెప్పకూడదని ఒక షరతు రాయించుకోవచ్చు. అంతకంటే గట్టి తాళం నాకు తెలియదు.

రంగస్థలం_రాజు:
సొంత కంపెనీ పెట్టి దాని పేరుతో రాసుకుంటే?

పాత_గుమాస్తా:
పెట్టొచ్చు. కానీ పాడేది కంపెనీ కాదుగా! నేనే పాడతానని గాయని విడిగా సంతకం పెట్టమంటారు, మళ్లీ అక్కడికే వస్తాం. చాలా దేశాల్లో కంపెనీ డైరెక్టర్ల పేర్లు ఎవరైనా చూడొచ్చు కూడా.

కొత్త_గొంతు:
సవరణ పత్రానికి సంస్థ ఒప్పుకుంది, చెక్కు తిరిగి పంపాను. ఇంతలో ఇంకో టెన్షన్. వచ్చే నెల వేరే దేశంలో కచేరీ, నిర్వాహకులు విమానం టికెట్ స్టేజ్ పేరుతో తీసేశారు. పాస్‌పోర్టులో అసలు పేరు. ఇది సరిచేస్తారా, కొత్త టికెట్టేనా?

మువ్వల_సవ్వడి:
అక్షరం తప్పయితే సరిచేస్తారు. పేరు మొత్తం వేరైతే వేరే ప్రయాణికురాలి కిందే లెక్క వేశారు నాకు. ఈ రోజే ఫోన్ చేయండి.