శంకువు అంచు స్థూపం బయటికి వస్తే ఉపరితల వైశాల్యం ఎలా లెక్కించాలి?

స్థూపం వ్యాసార్థం 6 సెం.మీ., ఎత్తు 10 సెం.మీ. దానిపై నిలబెట్టిన శంకువు వ్యాసార్థం 9 సెం.మీ., ఎత్తు 12 సెం.మీ. రెండూ గట్టి ఘనాలే. ఘనపరిమాణంలో పేచీ లేదు: 360π + 324π = 684π ఘన సెం.మీ.

చిక్కంతా ఉపరితల వైశాల్యంతోనే. శంకువు ఏటవాలు ఎత్తు 15 కనుక దాని వక్రతలం 135π, స్థూపం వక్రతలం 120π, అడుగు వృత్తం 36π. మొత్తం 291π చ.సెం.మీ. నా దగ్గరున్న జవాబుల పట్టికలోనూ ఇదే ఉంది. కానీ స్థూపం దాటి బయటికి వచ్చిన శంకువు అడుగుభాగం, ఆ కంకణాకార ప్రాంతం, గాలికి తెరిచే ఉంది కదా? దాని వైశాల్యం 81π − 36π = 45π. కలిపితే 336π.

రెండు సంపూర్ణతల వైశాల్యాల మొత్తం 408π నుంచి, అతుక్కున్న 36π వృత్తాన్ని రెండుసార్లు తీసేసినా 336π వస్తోంది. పట్టికే తప్పా, లేక ఆ కంకణాన్ని వదిలేయడానికి ఏదైనా కారణం ఉందా? తెలిసినవారు చెప్పగలరు.